ఒక ఆటో, ఒక తేదీ

జులై పదో తేదీ గురువారం ఉదయం తొమ్మిదిన్నరకు ల్యాబు రిపోర్టు వచ్చింది. తాండూరు గోదాముల గల్లీలో ఐదో తేదీన చచ్చిపోయిన కుక్కకు రేబిస్ ఉంది.

రిపోర్టు వికారాబాద్ స్టేషన్ రోడ్డులోని ట్రస్టు ఆఫీసుకు వచ్చింది. ఆ ట్రస్టుకు తాండూరు, ధారూర్, దోమలలో మూడు చిన్న క్లినిక్‌లున్నాయి. కుక్క కరిచిన వాళ్లకు అక్కడ ఉచితంగా సూదులు వేస్తారు. ఏ క్లినిక్‌కు ఎవరొచ్చారో, ఏ రోజు ఏ సూది పడిందో ఎక్సెల్ షీటులో రాసి వికారాబాద్‌కు మెయిల్ చేస్తారు. ఆ షీట్లు చూసే పని వాసవిది. ఆమె చేరి నాలుగు నెలలైంది.

ప్రోగ్రాం ఆఫీసర్ అజహరుద్దీన్ రిపోర్టు ప్రింటు తీసుకొని ఆమె టేబుల్ దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, గీ కుక్క రెండో తారీకు సంది ఐదో తారీకు దాకా గా గల్లీల తిరిగిందట. ఎంతమందిని కరిచింది, అందరికీ సూదులు పడ్డయా లేదా, జర జల్దీ చెప్పు. మున్సిపాలిటీ వాళ్లు అడుగుతున్నరు."

నాలుగు సూదులు వేసుకోవాలి. మొదటిది వెంటనే, తర్వాత మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. చాలామంది మొదటి సూది వేయించుకుంటారు. నొప్పి తగ్గాక మళ్లీ రారు. మామూలు కుక్క అయితే ఏమీ కాదు. ఇది మామూలు కుక్క కాదని ఇప్పుడు కాగితం మీద ఉంది. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక మందు లేదు.

తాండూరు షీటు ముందురోజు సాయంత్రం మెయిల్లో వచ్చింది. వాసవి దాన్ని తెరిచి తేదీల వారీగా సార్ట్ చేయబోయింది. మర్జ్ చేసిన, అంటే ఒకటిగా కలిపిన సెల్స్ అన్నీ ఒకే సైజులో ఉండాలంటూ ఎక్సెల్ ఒప్పుకోలేదు. షీటు నిండా మర్జ్ చేసిన సెల్స్ ఉన్నాయి. ఆమె మొత్తం షీటు సెలెక్ట్ చేసి, కలిపినవాటిని విడదీసే అన్‌మర్జ్ నొక్కింది. సార్ట్ చేసింది. ఫిల్టర్ పెట్టి జులై రెండు నుంచి ఐదు దాకా, గోదాముల గల్లీ అని ఎంచుకుంది.

నలుగురు వచ్చారు. నలుగురూ రెండో తేదీ వాళ్లే. నలుగురికీ మూడేసి సూదులు పడ్డాయి.

పది నలభైకి ఆమె మెయిల్ పంపింది. 'కుక్క కరిచినవారు నలుగురు. అందరికీ సమయానికి సూదులు పడ్డాయి.' అజహరుద్దీన్ దాన్ని మున్సిపాలిటీకీ పశువుల డాక్టరుకూ ఫార్వర్డ్ చేశాడు.

"షాబాష్. ఫికర్ పోయింది," అన్నాడు.

ఫైలు మూసేముందు వాసవి ఫిల్టర్ తీసేసింది. స్క్రీన్ షీటు కింది భాగానికి దిగింది. అక్కడి వరుసల్లో ఆగస్టు ఏడు అని ఉంది. దాని కింద సెప్టెంబరు ఏడు.

ఆమె గోడ మీది క్యాలెండర్ చూసింది. జులై పది.

ఇంకా కిందికి జరిపింది. సెప్టెంబరు తర్వాత కొన్ని తేదీలు సెల్‌లో ఎడమ పక్కకు అంటుకొని ఉన్నాయి. 15.05.2025, 21.5.25, ఇలా చుక్కలతో రాసినవి. ఎక్సెల్ వాటిని తేదీలుగా కాక మామూలు అక్షరాలుగా చూసి కిందికి తోసింది. వాటి కింద ఇంకా వరుసలున్నాయి. పేరుంది, వయసుంది, ఓపీ నంబరుంది. తేదీ లేదు. ఊరు లేదు. అవి ఎన్నో లెక్కపెట్టడం మొదలుపెట్టి, యాభై దాటాక ఆపింది.

ఆమె మళ్లీ ఫిల్టర్ పెట్టి జులై నెల తెరిచి చూసింది. ఒకటి, రెండు, ఏడు. మూడు, నాలుగు, ఐదు తేదీలే లేవు. గురువారం, శుక్రవారం, శనివారం. ఆ రోజుల్లో క్లినిక్ మూసి లేదు.

తాండూరు క్లినిక్‌లో సూదులు వేసి షీటు నింపే సిస్టర్ షీరీన్‌కు ఫోన్ చేసింది. మూడోసారికి ఎత్తింది.

"అక్కా, మొన్న మూడు, నాలుగు, ఐదు తారీకులల్ల ఎవ్వరు రాలేదా?"

"రాకపోవుడేంది? ఊపిరాడలే నాకు. ఎందుకట్ల అడుగుతున్నవ్?"

"షీటుల లేరక్కా."

"ఎందుకు లేరు, నేనే ఎక్కించిన. కొత్త ల్యాప్‌టాప్‌ల. పోయిన గురువారం వచ్చింది గదా అది. పాతది బంద్ వడ్డది."

"తారీకు ఎట్ల కొట్టినవ్?"

"ఎట్ల కొడ్తరు? మూడు, గీత, ఏడు, గీత, రెండువేల ఇరవై ఐదు. చదువుకున్నదానివి, నువ్వే గిట్ల అడిగితే ఎట్ల?"

వాసవికి అర్థమైంది. కొత్త ల్యాప్‌టాప్ తేదీ పద్ధతి అమెరికాది. అక్కడ నెల ముందు, రోజు తర్వాత. షీరీన్ జులై మూడు అని కొడితే అది మార్చి ఏడు అని తీసుకుంది. జులై నాలుగు ఏప్రిల్ ఏడు అయింది. ఐదు మే ఏడు. షీరీన్ స్క్రీన్ మీద అది 3/7/2025 అనే కనిపిస్తుంది కాబట్టి ఆమెకు తప్పు తెలిసే దారి లేదు. జులై ఏడు తారుమారైనా జులై ఏడే. ఎనిమిదో తేదీన వచ్చినవాళ్లు ఆగస్టు ఏడుకు, తొమ్మిదిన వచ్చినవాళ్లు సెప్టెంబరు ఏడుకు పోయారు.

ఆమె అజహరుద్దీన్ గదిలోకి పోయింది.

"సార్, నేను పంపిన లెక్క తప్పు. నలుగురు గాదు."

"మరెంతమంది?"

"తెల్వదు సార్ ఇంకా."

అతను కళ్లజోడు తీశాడు. "మెయిల్ పోయింది గదమ్మా. గంట గాకముందే ఇంకో మెయిల్ పంపితే మన లెక్కను ఎవలన్న నమ్ముతరా?"

"మొదటిదాన్ని నమ్మొద్దని ఇప్పుడే చెప్పాలె సార్. కొత్త నంబరు తర్వాత ఇద్దాం."

అతను కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. ఫోన్ తీసి మున్సిపాలిటీలో ఎవరితోనో మాట్లాడాడు. "హా, ఆపుండ్రి జర. నలుగురని ఎవలకు చెప్పకుండ్రి." ఫోన్ పెట్టి, "ఎంతసేపు?" అన్నాడు.

"గంట."

వాసవి తాను పాడుచేసిన ఫైలు పక్కన పెట్టింది. మెయిల్లో వచ్చిన అసలు ఫైలును మళ్లీ డౌన్‌లోడ్ చేసి, దానికి కాపీ తీసి, కాపీలో పని మొదలుపెట్టింది. అసలులో వరుసలు షీరీన్ ఎక్కించిన క్రమంలోనే ఉన్నాయి. ఓపీ నంబర్లు ఒకటి తర్వాత ఒకటి పెరుగుతున్నాయి. నంబరు పెరిగితే తేదీ వెనక్కి పోకూడదు. 281 దగ్గర జులై రెండు ఉంది. 282 దగ్గర మార్చి ఏడు. అక్కడి నుంచి తారుమారు మొదలు. పైన 74 దగ్గర కూడా మార్చి ఏడు ఉంది. దాని ముందు మార్చి ఆరు, వెనక మార్చి ఎనిమిది. అది నిజంగా మార్చి ఏడే. రెండు మార్చి ఏడులూ చూడటానికి ఒకటే. నంబరు చూడకుండా మార్చేస్తే మంచిది చెడిపోతుంది.

పాత తేదీ ముట్టుకోకుండా పక్కన కొత్త కాలమ్ వేసింది. 282 నుంచి కింది వాటికి మాత్రమే రోజును నెలగా, నెలను రోజుగా మార్చే ఫార్ములా రాసింది. సూదుల తేదీలకు కూడా, ఆ మూడో తేదీ నుంచి ఎక్కించినవాటికి అంతే చేసింది. చుక్కల తేదీలను ఒక్కొక్కటిగా చదివి తిరిగి రాసింది.

గోదాముల గల్లీ, జులై రెండు నుంచి ఐదు. ఇప్పుడు ఎనిమిది మంది.

ఇక మర్జ్ చేసిన సెల్స్. అవి ఎందుకున్నాయో షీరీన్‌నే అడిగింది.

"రిజిస్టర్ల బ్రాకెట్ గీస్తం గదా," అంది షీరీన్. "ఒక ఆటోల ఐదుగురు దిగుతరు. ఐదుగురికీ అదే తారీకు, అదే గల్లీ. ఐదుసార్లు ఎందుకు రాయాలె? ఒక్కసారి రాసి బ్రాకెట్ వెడ్త. షీటుల బ్రాకెట్ రాదు. అందుకని సెల్లు కలిపిన. మంచిగ కనవడ్తది."

మంచిగానే కనబడుతుంది. కానీ అలా కలిపిన సెల్‌లో రాసినది పై వరుసకు మాత్రమే చెందుతుంది. కింది నలుగురి సెల్స్ ఖాళీ. ఫిల్టర్ పెడితే ఆటోలో మొదట దిగిన మనిషి ఒక్కడే వస్తాడు.

ఖాళీలను పై విలువతో నింపడం ఒక్క నిమిషం పని. వాసవి మౌస్ మీద వేలు పెట్టి ఆగిపోయింది. సూదుల కాలమ్‌లలో కూడా ఖాళీలున్నాయి. కొన్ని బ్రాకెట్ కింది ఖాళీలు. కొన్ని సూది పడక వదిలిన ఖాళీలు. అన్నీ ఒకేసారి నింపితే సూది పడని మనిషికి పడినట్టు తేదీ వస్తుంది. పొద్దున ఆమె చేసినట్టు ముందే అన్‌మర్జ్ చేస్తే ఏ ఖాళీ ఏదో తేడా తెలియదు.

ఆమె ముందు మర్జ్ అయిన సెల్స్ అన్నీ వెతికి వాటికి పసుపు రంగు వేసింది. తర్వాత అన్‌మర్జ్ చేసింది. రంగు అలాగే నిలిచింది. పసుపు ఖాళీలను మాత్రం నింపింది. తెల్ల ఖాళీలను ముట్టుకోలేదు.

పన్నెండు మంది. రెండో తేదీ నలుగురు, మూడున ఇద్దరు, నాలుగున ఒక ఆటోలో ఐదుగురు, ఐదున ఒకరు.

అజహరుద్దీన్ వెనక నిలబడి చూస్తున్నాడు. "పన్నెండు మందికీ పడ్డయా?"

"షీటు ప్రకారం పడ్డయి సార్. నాలుగో తారీకు ఆటోవాళ్లకు రెండో సూది ఏడున పడ్డట్టు ఉంది. ఐదుగురికీ."

"మరింకేంది?"

"రెండో సూది సెల్లు కూడ ఐదుగురికి కలిపే ఉంది. ఐదుగురు నిజంగ వచ్చిండ్రా, బ్రాకెట్ వచ్చిందా, షీటు చెప్పదు సార్."

అజహరుద్దీన్ కుర్చీ మీదున్న ఆమె బ్యాగు తీసి ఇచ్చాడు.

పన్నెండుంపావుకు తాండూరు వైపు రైలు దొరికింది. వాసవికి కిటికీ పక్కన సీటు దొరికినా బయటికి చూడలేదు. ఫోన్‌లో ఐదు పేర్లు చూస్తూ కూర్చుంది. సైరా, సానియా, జంగప్ప, వెంకటమ్మ, పూజిత. ఐదుగురిలో సైరా ఒక్కదాని ఫోన్ నంబరే రాసి ఉంది. నాలుగుసార్లు చేసింది. స్విచాఫ్. ధారూర్ స్టేషన్ దాటాక సిగ్నల్ పోయింది.

క్లినిక్ బయట వరండాలో పది మంది కూర్చున్నారు. షీరీన్ చేతిలో సిరంజితో తల తిప్పకుండా అంది.

"రైలెక్కి వచ్చినవా? నా మీద కేసు వెడ్తరా ఏంది?"

"లేదక్కా. ఏడో తారీకు సోమవారం గా గోదాముల గల్లీ ఐదుగురు వచ్చిండ్రా?"

"వచ్చిండ్రు. అనీస్ ఆటోల."

"ఐదుగురు?"

షీరీన్ సూది వేసి, దూది పెట్టి, మనిషిని పంపి, అప్పుడు తిరిగింది. "ఆదివారం పీర్ల పండుగ. తెల్లారి సోమవారం ఎంతమందో తెలుసా? ఆటో ఆగింది, దిగిండ్రు, వేసిన. బ్రాకెట్ ముందుగాలనే గీసి ఉన్నది. తారీకు రాసిన."

"లెక్కవెట్టినవా?"

షీరీన్ రిజిస్టర్ తెచ్చి తెరిచింది. ఐదు పేర్ల పక్కన పొడుగు బ్రాకెట్, దాని మొనకు ఒక తేదీ. అంతకు మించి ఏమీ లేదు.

వాసవి ల్యాప్‌టాప్ తెరిచింది. నింపిన షీటులో ఏడో తేదీన పడిన సూదులన్నీ లెక్కపెట్టింది. మొదటివి, రెండోవి, మూడోవి, నాలుగోవి కలిపి ముప్పై మూడు.

"మనిషికొక సిరంజే గదా అక్కా? సిరంజీల లెక్క రాస్తవా?"

"స్టాకు పుస్తకం ఉంది." షీరీన్ అల్మారాలోంచి తీసింది. సోమవారం ఖర్చు చూసింది. మళ్లీ చూసింది. వేలితో అంకె కింద గీత గీసినట్టు జరిపింది. ముప్పై ఒకటి.

"యా అల్లా," అంది. కుర్చీలో కూర్చుంది. "ఇద్దరు."

ఆటో స్టాండులో ఉన్న అనీస్‌కు షీరీనే ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టింది.

"సోమవారం గల్లీ నుంచి ఎంతమందిని తెచ్చినవ్ రా?"

"ముగ్గురు ఆపా. సైరా, ఆమె బిడ్డ సానియా, ఇంక గా పూజిత. జంగప్ప డ్యూటీ ఇడువరాదన్నడు. వెంకటమ్మ పీర్లకని పోయింది, ఆళ్ల తమ్ముని ఊరికి."

"ఏ ఊరు?"

"దోమ దిక్కు."

"నాకెందుకు చెప్పలే నువ్వు?"

"మీరు అడగలే గద ఆపా."

షీరీన్ ఫోన్ పెట్టేసింది. కొంగుతో మొహం తుడుచుకుంది. వరండాలో ఉన్నవాళ్లను ఆయాకు అప్పగించి, చల్లడబ్బాలో మందు, సిరంజీలు పెట్టుకుంది. ఇద్దరూ అనీస్ ఆటోలోనే పోయారు.

జంగప్ప బండల పాలిష్ యూనిట్‌లో ఉన్నాడు. మెషీన్ చప్పుడులో గేటు దగ్గరికి పిలిపించడానికి పదిహేను నిమిషాలు పట్టింది. మోకాలి దాకా బురద నీళ్లతో వచ్చాడు.

"కార్డు చూపియ్యి," అంది షీరీన్.

అతను జేబులోంచి మడత తీశాడు. నాలుగో తేదీ ఒక్కటే ఉంది.

"సోమవారం ఎందుకు రాలే?"

"పుండు మానింది గద సిస్టర్. పిక్క సూడుండ్రి. మస్తు మంచిగైంది."

"గా కుక్క సచ్చింది. పిచ్చికుక్క అది."

జంగప్ప ఆమెను చూశాడు, వాసవిని చూశాడు. మాట్లాడకుండా గేటు పక్కన కూలబడి చొక్కా చేయి పైకి లాగాడు. షీరీన్ అక్కడే సూది వేసింది. ఏ రోజుల్లో మళ్లీ రావాలో కార్డు మీద రాసి, సూపర్‌వైజర్‌ను పిలిచి అతనికీ చెప్పింది. మూడు గంటలు దాటింది.

అక్కడి నుంచి గోదాముల గల్లీకి పోయారు. వెంకటమ్మకు ఫోన్ లేదు. పక్కింటి పూజిత దగ్గర వెంకటమ్మ తమ్ముని నంబరు ఉంది. గంట మోగి మోగి ఆగిపోయింది. వాసవి మళ్లీ చేసింది. గల్లీలో, గోదాము గోడ నీడలో నిలబడి ఇరవై రెండు సార్లు చేసింది. మధ్యలో దోమ క్లినిక్ సిస్టర్ కస్తూరమ్మకు చేసి సంగతి చెప్పింది.

"ఐదు దాకా ఉంట," అంది కస్తూరమ్మ. "పంపియ్యుండ్రి. ఎక్కడ కరిచింది?"

వాసవి పూజితను అడిగింది.

"మణికట్టు మీద," అంది పూజిత.

వాసవి అదే ఫోన్‌లో చెప్పింది. చేతుల మీద, మొహానికి దగ్గర కరిస్తే ఆలస్యం పనికిరాదని వాసవికి కూడా తెలుసు. "నేను ఐదుకు పోను," అంది కస్తూరమ్మ. "వచ్చేదాక ఉంట."

నాలుగుంపావుకు తమ్ముడు ఎత్తాడు. కంది చేన్లో ఉన్నారు. అతను ఫోన్ వెంకటమ్మకు ఇచ్చాడు.

"ఎవలు? ఏ వాసవి? నాకు తెల్వది."

"క్లినిక్ నుంచమ్మా. నీకు రెండో సూది పడలే."

"ఒకటి వడ్డది గద. ఇంకోటి వచ్చినంక ఏపిచ్చుకుంట. ఐతారం దాక కలుపు ఉంది."

"కరిచిన కుక్కకు పిచ్చి లేసిందమ్మా. రిపోర్టు వచ్చింది. ఇయ్యాలనే పోవాలె, దోమకు. సిస్టర్ నీకోసమే కూసున్నది."

అవతల గాలి చప్పుడు. "గిప్పుడు చెప్తున్నరా?" అంది వెంకటమ్మ. "ఆరు దినాలు ఏం జేసిండ్రు?"

షీరీన్ ఫోన్ తీసుకుంది.

"వెంకటమ్మా, తప్పు నాదే. నువ్వు వచ్చినవని రాసిన. నన్ను ఎంతన్న తిట్టు, కానీ బండెక్కినంక తిట్టు. తమ్మునికియ్యి ఫోను."

తమ్ముని బండి మీద దోమ అరగంట. ఐదుకు కస్తూరమ్మకు చేస్తే ఇంకా రాలేదంది. ఐదుంపావుకు కూడా అదే మాట. తమ్ముని ఫోన్ మోగుతోంది, ఎత్తడం లేదు. షీరీన్ గోదాము మెట్టు మీద కూర్చుంది. సైరా టీ తెచ్చి ఇచ్చింది. ఇద్దరూ గ్లాసులు పట్టుకొని కూర్చున్నారు గానీ తాగలేదు.

ఐదూ ఇరవై ఎనిమిదికి కస్తూరమ్మే చేసింది.

"పడ్డది. టైరు పంచరైందట, నడిచి తోసుకొచ్చిండ్రు. ఇగో, నన్ను తిడుతున్నది. మూడోదానికి పధ్నాలుగున రమ్మన్న. నేనే ఊరికి పోయి ఏస్త, లేకుంటే రాదు."

షీరీన్ లేచి ఆటోలో కూర్చుంది.

క్లినిక్‌కు వచ్చాక వాసవి ల్యాప్‌టాప్ తేదీ పద్ధతి మార్చింది. అక్కడే కూర్చొని రెండో మెయిల్ రాసింది. 'ఉదయం పంపిన లెక్క తప్పు. తప్పు నేను షీటును పరీక్షించకుండా వాడటం వల్ల జరిగింది. కుక్క కరిచినవారు పన్నెండు మంది. ఇద్దరికి రెండో సూది మూడు రోజులు ఆలస్యంగా ఈరోజు పడింది. పేర్లు జతచేశాను.' పంపేముందు పన్నెండు పేర్లనూ షీరీన్‌తో గట్టిగా చదివించింది. ఒక్కో పేరు దగ్గర షీరీన్ కళ్లు మూసుకొని మనిషిని గుర్తు చేసుకొని, "చూసిన" అన్నాకే తర్వాతి పేరుకు పోయారు.

మెయిల్ పోయాక షీరీన్ అడిగింది. "అయిపోయినట్టేనా?"

వాసవి షీటును పైకి జరిపింది. జనవరి నుంచి పసుపు వరుసలున్నాయి. సూదుల కాలమ్‌లలోనే నలభై ఒక్క బ్రాకెట్లు. అవన్నీ వేరే గల్లీలు, వేరే కుక్కలు. ఆ కుక్కలు ఏమయ్యాయో ఎవరూ చూడలేదు.

షీరీన్ స్క్రీన్ వైపు వంగి చూసింది. కుర్చీ దగ్గరికి లాక్కుంది. జనవరి రిజిస్టర్, స్టాకు పుస్తకం టేబుల్ మీద పెట్టింది.

"మొదటిది ఎవలది?" అంది.

"బషీరాబాద్ ఆటో. జనవరి తొమ్మిది. నలుగురు."

షీరీన్ ఫోన్ తీసి మొదటి నంబరు నొక్కింది.